జుట్టు తిరిగొచ్చింది, కోరిక రాలేదు: వృషణ క్యాన్సర్ తర్వాత నా అనుభవం

నాకు ఎడమ వృషణం తీసేసింది 2023 ఫిబ్రవరి 10న. అప్పటికి నాకు 31 ఏళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. ఆపరేషన్ గురించి, కీమో గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను రాసేది ఆ తర్వాతి ఏడాదిన్నర గురించి. పడకగది గురించి కాబట్టి ఎవరూ పెద్దగా రాయరు. నాకు కావలసినప్పుడు దొరకలేదు కనుక నేను రాస్తున్నాను.

అసలు కథ ఆపరేషన్‌కి మూడు రోజుల ముందే మొదలైంది. వీర్యం దాచిపెట్టుకోమని డాక్టర్ చెప్పారు. ఫిబ్రవరి 7న ఒక నమూనా, 9న ఇంకొకటి ఇచ్చాను. చిన్న గది, గొళ్ళెం సరిగ్గా పడని తలుపు, చేతిలో నా పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బా. బయట కారిడార్లో ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు. క్యాన్సర్ అని తెలిసి అప్పటికి ఆరు రోజులు. అలాంటి మనసుతో అక్కడ కూర్చుని ఆ పని పూర్తి చేయడం ఎంత కష్టమో చెప్పలేను, మొదటి రోజు ముప్పావుగంట పట్టింది. సంతకాలు పెట్టే కాగితాల్లో ఒక ప్రశ్న చూసి ఆగిపోయాను: నేను చనిపోతే ఈ నమూనాలను ఏం చేయాలి? అంతవరకు చావు గురించి మా ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు. ఆ గడి నా భార్యే నింపింది.

రిపోర్టులో కణాల సంఖ్య తక్కువగా వచ్చింది, మిల్లీలీటరుకి 90 లక్షలు. మామూలుగా కనీసం కోటీ అరవై లక్షలు ఉండాలట. ఈ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో చికిత్సకి ముందే తక్కువ ఉండడం మామూలేనని, దాచడానికి ఇది సరిపోతుందని చెప్పారు. ఏటేటా నిల్వ రుసుం కట్టాలి. ఆ బిల్లు రోజే మా బడ్జెట్‌లో కొత్త గీత పడింది.

కీమో మార్చి 6న మొదలై మే 1న ముగిసింది. బీఈపీ అనే మూడు మందుల కలయిక, మూడు సైకిళ్ళు: ఒక్కో సైకిల్లో ఐదు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రిప్పులు, తర్వాత రెండు వారాలు వారానికోసారి ఒక్క మందు. ఆ తొమ్మిది వారాల్లో శృంగారం మాట ఒక్కసారే వచ్చింది. వార్డులో సీనియర్ సిస్టర్ ఒకరు కర్టెన్ లాగి, గొంతు తగ్గించి, "కీమో జరిగినన్నాళ్ళూ, అయ్యాక ఇంకో వారమూ కండోమ్ లేకుండా కలవొద్దు, మందు వీర్యంలోకి కూడా వస్తుంది. ఏడాదిదాకా గర్భం రాకుండా చూసుకోండి" అన్నారు. నవ్వొచ్చింది. వాంతుల బకెట్ పక్కన పెట్టుకుని పడుకున్న మనిషికి ఈ జాగ్రత్త ఎందుకూ అనిపించింది. ఏం చేయకూడదో చెప్పారు కానీ, తర్వాత చేయలేకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మే చివర్లో స్కాన్ శుభ్రంగా వచ్చింది. జూన్లో ఆఫీసుకి వెళ్ళాను. జులైకి కనుబొమ్మలు వచ్చేశాయి. ఆ నెలలోనే ఒక శనివారం రాత్రి మొదటిసారి ప్రయత్నించాం. లేచింది, కానీ నిమిషం కూడా నిలవలేదు. నా భార్య ఏమీ అనలేదు, నా వీపు మీద చెయ్యి వేసి పడుకుంది. అలసట అనుకున్నాను. రెండోసారి అలసట లేదు, కానీ ఈసారి నేను నన్నే గమనిస్తూ కూర్చున్నాను: ఉందా, తగ్గుతోందా, ఇంకెంతసేపు? పరీక్ష హాల్లో గడియారం చూస్తూ రాసినట్టు. అలా చూస్తున్నప్పుడు ఏదీ నిలవదు. మూడోసారి నుంచి నేనే తప్పించుకోవడం మొదలుపెట్టాను. ఆమె పడుకునేదాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి, పని లేకపోయినా.

ఇంకో విషయం నెమ్మదిగా గమనించాను. పొద్దున నిద్ర లేచేసరికి ఉండే గట్టిదనం వారాల తరబడి కనబడలేదు. దానికి మనసుతో పెద్దగా సంబంధం లేదు కదా. అంతకన్నా వింతేమిటంటే, అది లేదన్న బాధ కూడా పెద్దగా లేదు. కోరికే లేదు. ఆకలి లేనప్పుడు అన్నం వాసన కూడా పట్టనట్టు, అందరూ మాట్లాడుకునే ఆ సంగతి నాకు సంబంధం లేనిదైపోయింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి. చిన్నదానికి చిరాకు. ఇదంతా కీమో నీరసమని, క్యాన్సర్ దాటొచ్చిన మనిషి దిగులని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సెప్టెంబర్ 11న మూడు నెలల చెకప్. క్యాన్సర్‌ని పట్టించే రక్తపరీక్షలు, అంటే మార్కర్లు, అన్నీ మామూలు. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్ళిన వాక్యం, చివర్లో తలుపు దగ్గర నిలబడి అన్నాను: "సార్, ఇంకొకటి... ఇంట్లో సరిగ్గా కుదరడం లేదు." మా క్యాన్సర్ డాక్టర్, ఆంకాలజిస్టు, కంప్యూటర్ వైపే చూస్తూ, "ఒకటి ఉంది కదా, చాలు. అంతా టెన్షన్. నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రండి" అన్నారు. వెళ్ళాం. కొత్త ఊరు, హోటల్ గది, తప్పించుకోవడానికి ల్యాప్‌టాప్ కూడా లేదు. ఇంకా నరకం.

నిజమే, చాలామందికి ఒకటి చాలుతుంది. కానీ అందరికీ కాదు. మిగిలిన వృషణం మొదటినుంచీ కొంచెం బలహీనమైనది కావచ్చు, దాని మీద కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ మందు దెబ్బ కూడా పడుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది.

అక్టోబర్ మొదట్లో పరిచయమున్న ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పరీక్ష రాశారు. ఆఫీసు నుంచి వస్తూ, భోజనం చేశాక, మధ్యాహ్నం మూడున్నరకి రక్తం ఇచ్చాను. 190 వచ్చింది. ల్యాబ్ కాగితంలో మామూలు స్థాయి 300 నుంచి మొదలవుతుంది. ఆయన చూడగానే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ల కోర్సు రాసేశారు. "రెండు నెలల్లో మళ్ళీ కుర్రాడైపోతావు" అన్నారు. నాకు కారణం దొరికిందన్న ఆనందంలో ఇంజెక్షన్లు కొనేశాను కూడా.

వేయించుకునే ముందురోజు రాత్రి ఎందుకో వార్డు సిస్టర్ గుర్తొచ్చారు. డిశ్చార్జి రోజున ఆవిడ కాగితం మీద వార్డు నంబరు రాసిచ్చి, "సందేహం వస్తే ఫోన్ చెయ్యండి" అన్నారు. పొద్దున్నే చేశాను. ఆవిడ రెండే ప్రశ్నలు అడిగారు: "రక్తం ఎన్ని గంటలకి ఇచ్చారు? పిల్లలు కావాలా?" నేను జవాబు చెప్పగానే, "అయితే ఆ ఇంజెక్షన్ ముట్టుకోవద్దు, బుధవారం ఆండ్రాలజీ క్లినిక్‌కి రండి" అన్నారు. అదే ఆసుపత్రిలో, నేను కీమో వేయించుకున్న వార్డుకి రెండు అంతస్తుల కింద, మగవాళ్ళ హార్మోన్లు, సంతాన సమస్యలు చూసే అలాంటి క్లినిక్ ఒకటి ఉందని ఎనిమిది నెలల తర్వాత ఫోన్లో తెలిసింది.

అక్కడి డాక్టర్ చెప్పింది నా మాటల్లో రాస్తాను. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. తిన్నాక కూడా తగ్గుతుంది. కాబట్టి పొద్దున, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో ఇచ్చిన రక్తంతోనే తేల్చాలి. మధ్యాహ్నం వచ్చిన 190తో మందు మొదలుపెట్టకూడదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. బయటినుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి "సరిపడా ఉందిలే" అనుకుని వృషణానికి ఆదేశాలు పంపడం మానేస్తుంది. దాంతో వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. మగతనం కోసం వేసుకునే ఇంజెక్షన్ పిల్లలు పుట్టకుండా చేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. కొన్న ఇంజెక్షన్లు ఇప్పటికీ అలమారలో ఉన్నాయి, షాపువాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

అక్టోబర్ 25న, నవంబర్ 1న పొద్దున ఎనిమిదింటికి రక్తం ఇచ్చాను. 248, 261. తక్కువే. పిట్యూటరీ పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ మాత్రం 19, అంటే మామూలుకి రెట్టింపు పైన. పైనుంచి గట్టిగా కేకలేస్తున్నారు, కింద పనివాడి దగ్గర సత్తువ లేదు. "ఇది మీ ఊహ కాదు, టెన్షన్ ఒక్కటే కాదు" అని డాక్టర్ అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. రోగం ఉందన్నందుకు ఏడ్చిన సంతోషం అది.

ఆ సంతోషం మూడు వారాలే. నవంబర్ 20 చెకప్‌లో హెచ్‌సీజీ మార్కర్ 3.4 వచ్చింది. రెండు లోపు ఉండాలి. మా క్యాన్సర్‌ని పట్టించే రక్తపరీక్షల్లో ఇది ఒకటి, కీమో తర్వాత ఎప్పుడూ పెరగలేదు. వారం ఆగి మళ్ళీ చూద్దామన్నారు. ఆ వారం ఎలా గడిచిందో రాయను. నా భార్య రాత్రుళ్ళు వంటింట్లో లైటు వేసుకుని నిలబడేది. నవంబర్ 27న మళ్ళీ చేస్తే 3.2.

అప్పుడు ఆంకాలజిస్టూ ఆండ్రాలజిస్టూ ఫోన్లో మాట్లాడుకున్నారు. క్యాన్సర్ తిరగబెడితే ఈ అంకె సాధారణంగా వారానికి వారం పెరుగుతూ పోతుంది, ఒకచోట నిలబడదు. ఎల్‌హెచ్, హెచ్‌సీజీ రెండూ నిర్మాణంలో దగ్గరి చుట్టాలు. ఎల్‌హెచ్ బాగా పెరిగినవాళ్ళలో కొన్ని పరీక్షలు దాన్నే కాస్త హెచ్‌సీజీగా లెక్కపెడతాయి, పిట్యూటరీ కూడా కొద్దిగా హెచ్‌సీజీ విడుదల చేస్తుంది. తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది: ఒక్క టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇచ్చి రెండు వారాలు ఆగడం. పిట్యూటరీ శాంతిస్తే ఎల్‌హెచ్ తగ్గుతుంది, దాంతో పాటు ఈ అంకె కూడా తగ్గితే అది క్యాన్సర్ నుంచి వచ్చింది కాదు. ఒక్క డోసుతో కణాలకి శాశ్వత నష్టం ఉండదని కూడా చెప్పారు. కీమో అయినవాళ్ళు మార్కర్ కొద్దిగా పెరిగిందనగానే మళ్ళీ కీమో అనుకోకుండా, "నా ఎల్‌హెచ్ ఎంత?" అని ఒక్క మాట అడగాలని ఇప్పుడు అనిపిస్తుంది.

డిసెంబర్ 1న ఇంజెక్షన్ ఇచ్చారు. 15న పరీక్ష: హెచ్‌సీజీ రెండు లోపే. ఎల్‌హెచ్ కూడా పడిపోయింది.

కానీ ఆ రెండు వారాల్లో ఇంకొకటి జరిగింది. ఐదో రోజో ఆరో రోజో పొద్దున మెలకువ వచ్చేసరికి, నెలల తర్వాత, అది కనిపించింది. దుప్పటి కింద కదలకుండా పడుకున్నాను, కదిలితే పోతుందేమోనని. ఆ వారంలో నా భార్య తల దువ్వుకుంటూ ఉంటే చూస్తూ ఉండిపోయాను. ఆమె అద్దంలోంచి "ఏంటి?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఈ చూపు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. జనవరి వచ్చేసరికి ఇంజెక్షన్ ప్రభావం దిగిపోయింది, దానితో పాటు ఇదీ. పోయినప్పుడు మొదటిసారిలా కాదు, ఏం పోతోందో తెలిసి మరీ పోయింది.

2024 జనవరి మొదటి వారంలో వీర్యపరీక్ష చేశారు. కీమో అయి ఎనిమిది నెలలు. కణాలు సున్నా. కీమో తర్వాత చాలామందికి తిరిగి వస్తాయి, అందుకు ఏడాది నుంచి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందన్నారు. అంటే ఎదురుగా రెండు దారులు. ఇప్పుడే రోజూ టెస్టోస్టెరాన్ మొదలుపెట్టి, పిల్లల కోసం దాచిన ఆ రెండు నమూనాల మీదే ఆధారపడడం. లేదా కొన్నాళ్ళు ఓర్చుకుని కణాలు వస్తాయేమో చూడడం. కణాలు కావలసిన మగవాళ్ళకి వేరే సందర్భాల్లో ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి ఉందట, అది హెచ్‌సీజీయే. నా విషయంలో అదే క్యాన్సర్ మార్కర్, పైగా ఎల్‌హెచ్ ఎంత అరిచినా పలకని వృషణం దానికి మాత్రం ఏం పలుకుతుంది? అది కుదరదన్నారు.

ఆరు నెలలు ఆగుదామని మా ఇద్దరం అనుకున్నాం. ఆ ఆరు నెలలకి రెండు సాయాలు రాశారు: మాత్ర, కౌన్సిలింగ్.

మాత్ర సిల్డెనాఫిల్, 50 మిల్లీగ్రాములు. రాసేముందు గుండె సంగతులు, ముఖ్యంగా ఛాతీనొప్పికి వాడే నైట్రేట్ మందులేమైనా వాడుతున్నానా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మొదటిసారి దండగ చేసుకున్నాను. ఒక వేడుకలో కడుపునిండా నూనె వంటలు తిని వచ్చి, మాత్ర వేసుకుని, గంటసేపు గడియారం చూస్తూ కూర్చున్నాను. ముఖం వేడెక్కింది, ముక్కు దిబ్బడ వేసింది, ఇంకేమీ కాలేదు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద ఇది ఆలస్యంగా పనిచేస్తుంది. పైగా కోరిక పుట్టించడం దీని పని కాదు, కోరిక ఉంటే రక్తం అక్కడికి చేరేలా చూడడమే. నాకున్నది ఆ కోరిక కొరతే. తర్వాత ఖాళీ కడుపున వేసుకుంటే కొన్నిసార్లు పనిచేసింది, కొన్నిసార్లు లేదు.

కౌన్సిలింగ్ అంటే నేను ఒప్పుకోలేదు మొదట. క్యాన్సర్ రోగులకి ప్రత్యేకంగా పనిచేసే మనస్తత్వ నిపుణురాలు ఆవిడ. ఇద్దరూ రావాలన్నారు. ఫిబ్రవరి నుంచి రెండు వారాలకోసారి, మొత్తం ఆరుసార్లు వెళ్ళాం. బీమా కీమోకి ఇచ్చింది కానీ దీనికి పైసా ఇవ్వలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ నా భార్యని అడిగారు, "ఈ ఏడాది మీకేం అనిపించింది?" అని. నా భార్య నా వైపు చూడకుండా, "నేను వాంతులు ఎత్తాను, డైపర్ కూడా మార్చాను ఒకసారి. అప్పట్నుంచి నన్ను నర్సులా చూస్తున్నాడనుకున్నాను. నేనంటే ఇష్టం పోయిందనుకున్నాను" అంది. ఏడు నెలలు ఒకే మంచం మీద పడుకుంటూ ఆమె ఇలా అనుకుంటోందని నాకు తెలియదు. నేను సిగ్గుతో తప్పుకుంటున్నాను, ఆమె దాన్ని తిరస్కారం అనుకుంటోంది. హార్మోన్ సంగతి ఆమెకి కూడా రిపోర్టులో అంకెగా తెలుసు తప్ప, అది నా చూపునే మార్చేసిందని నేనెప్పుడూ చెప్పలేదు.

ఆవిడ ఇచ్చిన మొదటి పని విని తెల్లబోయాం: మూడు వారాలు కలవకూడదు. గట్టి నిషేధం. దానికి బదులు వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు, ఒకరు ఇంకొకరిని ఊరికే తాకాలి, జననాంగాలూ ఛాతీ వదిలేసి. తాకేవాళ్ళు తమకి ఏం తెలుస్తోందో గమనించాలి, అవతలివాళ్ళకి ఏం చేయాలా అని ఆలోచించకూడదు. తర్వాతి వారాల్లో ఆ హద్దులు ఒక్కొక్కటీ సడలిస్తారు. పరీక్షే రద్దయిపోతే తప్పే భయం ఉండదన్నది ఇందులోని కిటుకు.

మొదటిరోజు పెద్ద నవ్వులాట. తర్వాత ఒక చిక్కు వచ్చింది. సిస్‌ప్లాటిన్ వల్ల నా వేళ్ళ కొసలు అప్పటికీ మొద్దుబారి ఉన్నాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడమే కష్టం. ఆమె భుజం మీద వేళ్ళు పెడితే ఉలెన్ గ్లవుజుల్లోంచి తాకినట్టుంది. ఇందులో గమనించేదేముంది అని విసుగొచ్చింది. కౌన్సిలర్ విని, "వేళ్ళెందుకు, మీ చేతి వెనకభాగం వాడండి, చెంప వాడండి" అన్నారు. చెంపతో ఆమె వీపు వెచ్చదనం తెలిసింది. ఇంకో చిక్కు చెవుల్లో హోరు, అదీ సిస్‌ప్లాటిన్ ఇచ్చిందే. గది నిశ్శబ్దంగా ఉంటే సన్నటి ఈల ఆగకుండా వినిపించి ధ్యాస అంతా అటే పోతుంది. ఫ్యాన్ పెద్దగా పెట్టుకోవడం మొదలుపెట్టాం. మూడో వారంలో నిషేధం మేమే తప్పాం. ఆవిడకి చెప్తే, "తప్పుతారనే పెట్టాను" అని నవ్వారు.

ఇది అన్నీ సరిచేసిందని అనను. కోరిక అలాగే తక్కువగా ఉంది, ఆమె మొదలుపెడితేనే నాకు గుర్తొచ్చేది. కానీ మంచం ఎక్కాలంటే భయం పోయింది. అంగస్తంభన లేకపోయినా భావప్రాప్తి రావచ్చని, కోరిక ముందే ఉండనక్కర్లేదు, మొదలుపెట్టాక కూడా రావచ్చని నాకు తెలిసింది ఈ నెలల్లోనే.

చీకట్లోనే కలవాలన్న పట్టుదల కూడా అప్పుడే పోయింది. ఆపరేషన్ కోత గజ్జల్లో ఉంటుంది, మచ్చ పెద్దగా కనబడదు, కానీ ఒకవైపు ఖాళీగా ఉంటుంది కదా. సిలికాన్ తొడుగులో సెలైన్ నింపిన కృత్రిమ వృషణం పెట్టమంటారా అని ఆపరేషన్ ముందే అడిగారు, ఆ కంగారులో వద్దన్నాను. తర్వాతైనా పెట్టించుకోవచ్చు. దాని గురించి అడిగితే నా భార్య, "నాకైతే తేడా తెలియడం లేదు, నీకు కావాలంటే పెట్టించుకో" అంది. ఇంకా తేల్చుకోలేదు.

తోటి రోగుల గుంపు ఒకటి నెలకోసారి కలుస్తుంది. కౌన్సిలరే పంపారు. మార్చిలో మొదటిసారి వెళ్ళాను. ఎనిమిది మంది, టీ కప్పులు పట్టుకుని, గంటసేపు స్కాన్ల గురించే మాట్లాడారు. చివర్లో చెప్పులు వేసుకుంటుండగా ఇరవై రెండేళ్ళ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, నాకు అన్నీ బాగానే ఉంటాయి, సుఖం కూడా తెలుస్తుంది, కానీ ఏమీ రాదు. అస్సలు రాదు" అన్నాడు. వాడికి కీమో తర్వాత పొట్ట వెనక మిగిలిన లింఫు గ్రంథుల్ని తీసే పెద్ద ఆపరేషన్ అయింది. స్ఖలనాన్ని నడిపే నరాలు సరిగ్గా అక్కడే ఉంటాయి. వీలైనచోట ఆ నరాల్ని కాపాడుతూ ఆపరేషన్ చేస్తారు, అన్నిసార్లూ కుదరదు. ఆ నరాలు దెబ్బతింటే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోతుంది, లేదా అసలు విడుదలే కాదు. వాడు ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. ఆండ్రాలజీ క్లినిక్‌కి నేనే తోడు వెళ్ళాను. భావప్రాప్తి తర్వాత పోసిన మూత్రం పరీక్షిస్తే అందులో కణాలు కనిపించాయి. అంటే వెనక్కి పోతోంది. కొందరికి మాత్రలతో దారి మళ్ళుతుంది, కాకపోయినా ఆ మూత్రంలోంచే కణాల్ని వేరుచేసి పిల్లల కోసం వాడే పద్ధతి ఉందని చెప్పారు. ప్రమాదమేమీ లేదన్నారు. వాడు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "ఏడాది అన్నా" అన్నాడు అంతే.

జూన్ 10న నా వీర్యపరీక్ష మళ్ళీ చేశారు. మిల్లీలీటరుకి 40 లక్షలు. సున్నా నుంచి 40 లక్షలు! మామూలుకి తక్కువే, కానీ ఉన్నాయి. అదే వారం టెస్టోస్టెరాన్ రెండుసార్లు చేస్తే 255, 244. కణాలు కోలుకుంటున్నాయి, హార్మోన్ కోలుకోవడం లేదు. మధ్యాహ్నపు నిద్ర, చిరాకు, కోరిక లేకపోవడం అలాగే ఉన్నాయి. కీమో అయి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు తీసే నమూనాలు వాడుకోవచ్చన్నారు, అలా ఇంకో మూడు దాచాం. నేరుగా ప్రయత్నిద్దామా, మందు మొదలుపెడదామా అని రెండు వారాలు వాదించుకున్నాం. నా భార్యే తేల్చింది: "పిల్లల సంగతి డబ్బాల్లో ఉంది. నువ్వు మాత్రం రోజూ రెండింటికల్లా సోలిపోతున్నావు." ఈ లెక్క ఇంకొకరికి వేరేగా తేలవచ్చు. నమూనాలు దాచనివాళ్ళకి తప్పకుండా వేరేగా తేలుతుంది.

జులై 15 నుంచి టెస్టోస్టెరాన్ జెల్ వాడుతున్నాను. ఇది క్యాన్సర్‌ని రెచ్చగొడుతుందా అని అడగకుండా ఉండలేకపోయాను. వృషణ క్యాన్సర్ టెస్టోస్టెరాన్ మీద బతికేది కాదన్నారు. పైగా ఎల్‌హెచ్ తగ్గుతుంది కనుక ఆ దొంగ మార్కర్ భయం కూడా ఉండదు. స్నానం చేసి, ఒళ్ళు ఆరాక, భుజాలకి రాసి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరాక చొక్కా వేసుకోవాలి. ఆరకముందు ఎవర్నీ తాకకూడదు, మందు అవతలివాళ్ళ చర్మంలోకి పోతుంది, ఆడవాళ్ళకీ పిల్లలకీ అది మంచిది కాదు. దగ్గరకు చేరేముందు రాసుకున్నచోట కడుక్కోవాలి. మా అక్క కూతురు పొద్దున్నే వచ్చి భుజాలెక్కే అలవాటు మాన్పించాల్సొచ్చింది, అది ఇప్పటికీ అలుగుతుంది. మూడు నెలలకి రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ 520 వచ్చింది. ఎర్రకణాలు ఎక్కువై రక్తం చిక్కబడుతుందేమో కూడా చూస్తారు. రక్తంలో ఎర్రకణాల వంతు, అంటే హెమటోక్రిట్, 54 శాతం దాటితే మందు ఆపుతారు, నాది 47.

మార్పు ఇంజెక్షన్ అప్పటిలా ఒక్కసారిగా రాలేదు. మొదట మధ్యాహ్నపు నిద్ర పోయింది. నెలన్నరకి పొద్దున సంగతి. ఇప్పుడు మాత్ర నెలకి ఒకటో రెండో, కొన్ని నెలలు అదీ లేదు. మునుపటంతా వచ్చిందా అంటే రాలేదు. వారంలో సగం రోజులు గుర్తే రాదు, వేళ్ళ కొసలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, ఫ్యాన్ చలికాలంలో కూడా తిరుగుతూనే ఉంటుంది.

మొన్నటి చెకప్‌లో ఆ మొదటి ఆంకాలజిస్టే మార్కర్లు చూసి, కాగితం మడిచి, "ఇంకేమైనా ఉందా?" అన్నారు. ఈసారి తలుపు దగ్గర కాదు, కుర్చీలో కూర్చునే చెప్పాను. తొమ్మిది నిమిషాలు పట్టింది. బయట వరసలో ఉన్నవాళ్ళు నావైపు గుర్రుగా చూశారు.